అట్ట ముక్క మీది ప్రమోషన్

మా సూపర్‌వైజర్ గారి మనసు వెన్న, నోరు మాత్రం బ్రేకుల్లేని లారీ. విజయవాడ ఆటోనగర్‌లో బస్సులకు బాడీలు కట్టే షెడ్డు మాది. డెబ్బైల్లో నేనక్కడ టైపిస్టుని. ఎవరికైనా ప్రమోషన్ ఇస్తే ఆయన సిగరెట్ పెట్టె అట్ట మీద గిలికి పంపేవారు: "మన బక్కోడు ఇవాళ్టి నుంచి చార్జిమన్. మిగతావాళ్లు నిద్ర లేవండి."

దాన్ని నోటీసుగా మార్చే పని సీనియర్ టైపిస్టు సాయిబు గారిది. నాకూ ఆయనే నేర్పారు.

"బక్కోడు తీసేసి పేరు రాయమ్మా. ఏం చేశాడో రాయి, షెడ్డంతా చూసిన పనే అయ్యుండాలి. పక్కవాళ్ల ఊసెత్తకు. ఇద్దరు చేసింది ఒకరి నెత్తిన పెట్టకు."

అలా ఆ అట్ట ముక్క "వానకు కారిన బస్సుల పైకప్పులు సరిచేసి, కొత్తవాళ్లకు ఆ పని నేర్పినందుకు" అయ్యేది. ఆ సీటు మీద ఆశపెట్టుకున్న మనిషికి సూపర్‌వైజర్ గారి చేత ముందే పిలిపించి చెప్పించాకే సాయిబు గారు నోటీసు బోర్డుకెక్కించేవారు. చదువు రానివాళ్ల కోసం టీ బెల్లుకు పైకి చదివేవారు కూడా.

హెడ్ క్లర్కు సీటు ఖాళీ అయినప్పుడు అది సాయిబు గారిదే అనుకున్నాం. ఒక ఉదయం అట్ట ముక్క వచ్చింది: "పెద్దాయన స్పీడు తగ్గింది. అమ్మాయి హుషారు. సీటు ఆమెకే." తిన్నగా ఆయన బల్ల మీదికే వచ్చింది. ఆయనకు ముందుగా చెప్పించడానికి ఎవరున్నారు?

ఆయన కళ్లజోడు తుడుచుకుని టైపు చేయడం మొదలుపెట్టారు. అట్ట చూశాక నాకు తల కొట్టేసినట్టయింది.

"నాకొద్దండీ."

"ముందు చదువమ్మా."

బస్సుకో ఫైలు పెట్టి, సామాను లేక పని ఆగకుండా చూసినందుకట నాకు ప్రమోషన్. నిజమే, చేశాను. కానీ ఆ ఫైళ్ల ఆలోచన ఆయనది. తన సంగతి మాత్రం రాసుకోలేదు.

"ఇద్దరు చేసింది ఒకరి నెత్తిన పెట్టొద్దన్నది మీరే కదండీ" అన్నాను.

"ఇప్పుడదెందుకులేమ్మా."

నాకు ఒళ్లు మండింది. కొత్త కాగితమెక్కించి మళ్లీ టైపు చేసి, సూపర్‌వైజర్ గారి ముందు పెట్టాను. సాయిబు గారికి ముందుగా చెప్పాల్సిందండీ అన్నాను. ఆయన నాలుక కరుచుకుని, సంతకం చేసి, కాగితంతో సహా సాయిబు గారి బల్ల దగ్గరికొచ్చారు.

"తొందరపడ్డాను సాయిబు గారూ. ముందు మీతో మాట్లాడాల్సింది."

టీ బెల్లుకు ఎప్పట్లాగే సాయిబు గారే చదివారు. "ఈ పద్ధతి మొదలుపెట్టి, ఆమెకు నేర్పినవారు మన సీనియర్ టైపిస్టు గారు" అన్నచోట గొంతు తగ్గించి గబగబా దాటేశారు.

"వినపడలేదు సాయిబు గారూ! మళ్లీ చదవండి!" వెనక నుంచి వెల్డర్లు అరిచారు.

ఆ మాటే మళ్లీ చదివారు. చప్పట్లు మోగాయి. ఆ తర్వాత ఆయన పక్కనే నేను నిశ్చింతగా పని చేసుకోగలిగానంటే ఆ మనిషి పెద్దరికమే కారణం, ఆ రుణం నేను తీర్చుకోలేను. నా ప్రమోషన్ వాక్యం మాత్రం ఎవరూ మళ్లీ చదవమనలేదు. అందుకు వాళ్లందరికీ ఇప్పటికీ దణ్ణం పెడతాను.