పేరుకు వదిలిన చోటు

సినిమా పోస్టర్‌లో హీరో మొహం పైన ఉంటుంది, సినిమా పేరు కింద ఉంటుంది. పదహారేళ్లు నేను చేసిన పని అదే. మద్రాసులో చేశాను, ఫిలింనగర్‌కు వచ్చాకా చేశాను. తొంభైల చివర్లో మా పబ్లిసిటీ ఆఫీసుకు కంప్యూటర్ వచ్చింది. కుంచె పట్టినవాళ్లలో ముందు నన్నే ఇంటికి పంపారు.

రాజమండ్రిలో మా బావమరిదికి రంగుల కొట్టు ఉంది. "సోమవారంలోగా ఏ సంగతీ చెప్పేయండి బావగారూ, కౌంటర్లో మనిషి కావాలి" అని ఫోన్ చేశాడు. రంగుల డబ్బాలు అమ్మడం తప్పేం కాదు. కానీ ఇక బొమ్మ వెయ్యకుండా బతకాలన్న మాట తలుచుకుంటే ఏడుపొచ్చేది. ఒకరోజు స్నానాల గదిలో కుళాయి తిప్పి నిజంగానే ఏడ్చాను.

అప్పుడు దొరికింది ఓ పుస్తకానికి అట్టబొమ్మ వేసే పని. జూబ్లీహిల్స్‌లో ఉండే ఉపన్యాసకుడొకాయన వ్యక్తిత్వ వికాసం పుస్తకం రాశాడు. బొమ్మ నచ్చితే ఇకమీదట తన అట్టలన్నీ నాకే ఇస్తానన్నాడు ప్రచురణకర్త. జీవితంలో గెలవడం ఎలాగో చెప్పే పుస్తకానికి నాలాంటివాణ్ణి వెతికి పట్టుకున్నాడు మహానుభావుడు.

మొదటి రఫ్‌లో కొండ, సూర్యుడు, నిచ్చెన, డేగ అన్నీ వేశాను. మా సినిమావాళ్ల దగ్గర ఖాళీ వదిలితే పని ఎగ్గొట్టినట్టు లెక్క. ప్రచురణకర్త తల పట్టుకున్నాడు. "ఇన్ని గుర్తులెందుకండీ? ఒక్కటి చాలు. పేరుకి చోటేదీ?"

రెండోది నాకే ముచ్చటేసింది. పైనుంచి కోటు తొడుక్కున్న చెయ్యొకటి, ఎవరినో లేవదీయడానికన్నట్టు దిగుతుంది. కింద అంతా ముదురు నీలం, ఖాళీ. నా ఎడమచేతినే చూస్తూ వేశాను. పైన బటర్ పేపర్ పరిచి, అక్షరాల వొత్తులు కిందికి దిగడానికి కూడా జాగా చూసుకుని, పెన్సిల్‌తో పేరు గీశాను.

ప్రచురణకర్త దాన్ని చేతిలోకి తీసుకుని చూశాడు. "బొమ్మ బాగుంది. పేరే కనబడదండీ."

"సగం అట్ట పేరుకే వదిలాను కదండీ! ఇంకా కనబడకపోవడమేంటి?" నా గొంతు లేచింది.

"షాపులో కనబడదండీ. రేపు పదకొండింటికి రచయితగారింటికి వెళ్తున్నాను. మార్చి తెస్తే చూపిస్తాను. లేదంటే వేరేవాళ్లకి ఇచ్చేస్తాను" అని ఆయన లేచిపోయాడు.

అట్ట చంకలో పెట్టుకుని చెక్‌పోస్ట్ బస్టాపుకు నడిచాను. అక్కడి పుస్తకాల బండివాడికి చూపించి, దీంట్లో తప్పేంటో నువ్వైనా చెప్పవయ్యా అని అడిగాను. అంత గతి పట్టింది నాకు.

"పేరు గింత కిందికి పెడ్తే ఎవడు జూస్తడన్నా?" అన్నాడతను. "జాగ ఏడుంది? ఒకదాని మీద ఒకటి పెడ్త. పైన గింతే కనవడ్తది." నాలుగు వేళ్లు అడ్డంగా పెట్టి చూపించాడు. నిజమే, బండి మీద ప్రతి పుస్తకం కింది భాగాన్నీ ముందు వరుస పుస్తకం కప్పేసింది.

పదహారేళ్ల అలవాటు నన్ను ముంచింది. మళ్లీ మొదటినుంచి వేసే టైమ్ లేదు. బస్టాపు బెంచీ మీద చతికిలబడ్డాను, అట్ట ఒళ్లోకి జారింది. తలకిందులుగా పడింది.

చెయ్యి కిందనుంచి పైకి లేస్తోంది. దాని మీద అంతా ఖాళీ. ఇప్పుడది ఎవరినీ లేవదీసే చెయ్యి కాదు, తననే లేవదీయమని అడుగుతున్న చెయ్యి.

ఇంటికి పరిగెత్తాను. కోటు కనబడకుండా దాని మీద నీలం పూసేశాను. పైనుంచి పడాల్సిన వెలుగు కిందనుంచి పడుతున్నట్టుంది కాబట్టి, ఒక్కో వేలికీ వెలుగూ నీడా మార్చాను. టీ తెచ్చిన మా ఆవిడ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఇది మీ చెయ్యి కదండీ?"

చిన్నప్పుడు విరిగి వంకరగా అతుక్కున్న నా చిటికెన వేలు బొమ్మలోనూ వంకరగానే ఉంది. సరిచేయబోయాను. "వద్దండీ, ఉండనివ్వండి" అంది. ఆమె కళ్లు నిండిపోయాయి.

మర్నాడు ప్రచురణకర్త నన్నూ జూబ్లీహిల్స్‌కు వెంటబెట్టుకెళ్లాడు. రచయితగారు బొమ్మను దూరంగా పెట్టి చూశారు. "ఇదేనండీ నా పాఠకుడు! అచ్చం మునిగిపోతున్నవాడి చెయ్యి. ఎవర్ని చూసి వేశారు?"

"కృష్ణానగర్‌లో సినిమా వేషాల కోసం తిరిగేవాడొకడు ఉన్నాడు లెండి" అన్నాను. ఎడమచెయ్యి లాల్చీ జేబులో పెట్టుకున్నాను.

సోమవారం బావమరిదికి రావట్లేదని చెప్పాను. రెండు నెలలకు పుస్తకం వచ్చింది. మా ఆవిణ్ణి వెంటబెట్టుకుని అదే బండి దగ్గరకు వెళ్లాను. రెండో వరుసలో పేరు పసుపు అక్షరాల్లో మెరిసిపోతోంది. దాని కింద ఉండాల్సిన నా చెయ్యి వంటల పుస్తకం వెనకాల ఉంది.

మా ఆవిడ ఆ వంటల పుస్తకాన్ని కాస్త పక్కకు జరిపింది. బండివాడు చూశాడు.

"గట్ల జరపకమ్మా, వరుస వోతది" అని మళ్లీ కప్పేశాడు.