వంకాయ రంగు షేర్వానీ, కాలర్ దగ్గరి చీటీ

ఫొటో రీళ్ళు పోయి సీడీలు వచ్చిన కొత్తలో నేను పటాన్‌చెరులో ఒక ఆల్బమ్ డిజైనింగ్ సెంటర్‌లో పనిచేసేదాన్ని. చెప్పుల దుకాణం పైన ఒకటే గది, రెండు కంప్యూటర్లు. పెళ్ళికి వెళ్ళి ఫొటోలు తీసేవాళ్ళు వేరు, మేము వేరు. సంగారెడ్డి నుంచీ చుట్టుపక్కల ఊళ్ళ నుంచీ ఫొటోగ్రాఫర్లు ఆ ఫొటోలన్నీ సీడీల్లో తెచ్చి ఇచ్చేవారు. పెళ్ళివాళ్ళు ఎంచుకున్నవాటిని పేజీలుగా పేర్చి, మచ్చలు తుడిచి, వెనక పూలో మేఘాలో పెట్టి, ప్రింటుకు హైదరాబాద్ పంపడం మా పని. మేఘాల మీద అప్పట్లో జనానికి మహా మోజు. ఒక ఆల్బమ్‌లో వధూవరులు మేఘాల మీద నిలబడకపోతే పని సగమే అయినట్టు చూసేవారు.

మాది గుంటూరు వైపు. నాన్నకు ఇక్కడి ప్లాంటులో ఉద్యోగం కాబట్టి చిన్నప్పుడే పక్కనున్న బీరంగూడ వచ్చేశాం. డిగ్రీ అయ్యాక ఆరు నెలలు ఫొటోషాప్ నేర్చుకుని ఈ పనిలో చేరాను. సెంటర్ యజమానిని అందరిలాగే నేనూ అన్నా అనేదాన్ని. ఆయనది కర్దనూర్. కస్టమర్ల కోసమని ఒక సెల్‌ఫోన్ కొని నా బల్ల మీద పెట్టి, ‘నీకైతే ఇంగ్లీషు అక్షరాలు జల్దీ వస్తయి, నువ్వే సూసుకో’ అన్నాడు.

ఆ ఫోన్‌కే ఒక ఉదయం ఆ మెసేజ్ వచ్చింది. తెలుగు మాటలు, ఇంగ్లీషు అక్షరాలు. రెండు ముక్కలుగా వచ్చింది, రెండో ముక్క ముందు వచ్చింది. దాంతో నేను మొదట చదివింది ఇది: ‘ఎవ్వరికి చెప్పకుండ్రి మేడం.’ గాభరా పడ్డాను. తర్వాత మొదటి ముక్క వచ్చింది. ‘నాది లక్డారం పెండ్లి ఆల్బం. రిసెప్షన్ ఫొటోల్ల నా షేర్వానీ రంగు మార్చాలె. వంకాయ రంగు వద్దు, క్రీమ్ జెయ్యుండ్రి. కాలర్ కాడ ట్యాగ్ కనబడుతుంది. అది తీసెయ్యుండ్రి.’

ఆ పెళ్ళి సీడీలు అప్పటికే నా దగ్గర ఉన్నాయి. తెరిచి చూశాను. పెళ్ళికొడుకు మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. ఒంటి మీద నిగనిగలాడే వంకాయ రంగు షేర్వానీ, దానికి బంగారు జరీ. దగ్గరికి లాగి చూస్తే ఎడమ చెవి కింద, నిలువు కాలర్ అంచు నుంచి వేలెడు తెల్ల చీటీ ఒకటి దారంతో వేలాడుతోంది. దాని మీద దుకాణం ముద్ర, నంబరు. కిరాయి బట్టలన్న సంగతి చదువు వచ్చిన ఎవరికైనా అర్థమైపోతుంది.

చీటీ సంగతి తేలికే. పక్కనున్న గుడ్డ ముక్కను దాని మీదికి తెచ్చి అతికిస్తే సరి. రంగుతోనే తంటా. తెల్లగా ఉన్నదాన్ని ముదురు చేయొచ్చు గానీ, అంత ముదురు వంకాయ రంగును మీగడ రంగు చేయాలంటే మడతలన్నీ బూడిద పూసినట్టు తేలతాయి, బట్ట గరుకుగా ఇసుక చల్లినట్టు కనిపిస్తుంది. ఒక ఫొటో మీద గంటసేపు ప్రయత్నించి అన్నకు చూపించాను.

‘ఏందమ్మా ఇది, సున్నం బస్తా తొడిగినట్టున్నడు’ అన్నాడు.

పెళ్ళికొడుక్కి మెసేజ్ పెట్టాను. క్రీమ్ కుదరదండీ, కావాలంటే మెరూన్ చేస్తాను, అది బాగా వస్తుంది అని. పది నిమిషాలకు జవాబు: ‘మెరూన్ ఓకే. వంకాయ కాకుంటె సాలు.’

ఇక అప్పటినుంచీ మెరూన్ చేస్తూ కూర్చున్నాను. షేర్వానీ అంచు వెంట గీత గీసుకుంటూ పోవడం, జరీని వదిలేయడం, రంగు జరపడం. ఆ తర్వాత గడ్డం కింద పడిన వంకాయ నీడను కూడా తుడవాలి, లేకపోతే మెరూన్ బట్టల మీద నీలిరంగు గడ్డం కనిపిస్తుంది. ఒక్కో ఫొటోలో చీటీని కూడా తీసేసుకుంటూ పోతున్నాను. పదో పదకొండో అయ్యాక ఒక ఫొటో దగ్గర చెయ్యి ఆగింది.

పెళ్ళికొడుకు ఎవరో పెద్దాయన కాళ్ళకు దండం పెట్టి లేస్తున్నాడు. పక్కన పెళ్ళికూతురు. ఆమె కుడిచెయ్యి అతని కాలర్ దగ్గర ఉంది. చీటీని రెండు వేళ్ళతో పట్టుకుని లోపలికి దోపుతోంది. ముఖం మాత్రం కెమెరా వైపు, ఏమీ ఎరగనట్టు.

మామూలుగానే చీటీ తీసేశాను. తీసేసి చూస్తే, చీటీ లేకపోయేసరికి అది రిసెప్షన్ స్టేజీ మీద మొగుడి కాలర్ పట్టుకున్న పెళ్ళికూతురి ఫొటో అయి కూర్చుంది. అన్న చూసి కడుపుబ్బ నవ్వాడు.

‘గిట్ల పంపినమంటే రెండు ఊర్లు కొట్లాటకు దిగుతయి. ఆ ఫొటో తీసెయ్‌రాదూ?’

తీసేద్దామంటే అది వాళ్ళు ఎంచుకున్న జాబితాలో ఉంది. ఆ పెద్దాయన పిల్ల మేనమామ అని పక్కనే రాశారు, ఆయన ఉన్న ఫొటో అదొక్కటే. పెళ్ళికొడుక్కి ఫోన్ చేశాను. ‘ఒక ఫొటోలో కాలర్ మీద చెయ్యి ఉందండీ, ట్యాగ్ తీస్తే బాగా రావట్లేదు’ అన్నాను.

‘చెయ్యా? ఎవరి చెయ్యి మేడం?’

‘మీ ఆవిడదే.’

అవతల మిషన్ల చప్పుడు వినిపిస్తోంది. ఆయనది ఏదో ఫ్యాక్టరీలో పని. ‘డ్యూటీ దిగినంక వస్త’ అని పెట్టేశాడు.

సాయంత్రం నాలుగింటికి యూనిఫామ్‌తోనే వచ్చాడు. తెర మీద ఫొటో చూపించాను. ముందు దూరం నుంచి చూశాడు, తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నాకూ కుతూహలం ఆగక, ఎంచుకోని ఫొటోలు కూడా వెతికి పెట్టాను. ఇంకో రెండింట్లో అదే చెయ్యి, అదే చీటీ. ఒకదాంట్లో ఎవరో బహుమతి అందిస్తుంటే ఆమె ఎడమచేత్తో అందుకుంటోంది, కుడిచెయ్యి ఖాళీ లేదు మరి.

‘నాకు తెల్వనే తెల్వది మేడం. ఒక్క మాట గూడ అనలే’ అన్నాడు. ‘పెండ్లై నెలన్నర అయితుంది. ఇప్పటికి గూడ అనలే.’

అప్పుడు అడిగాను, రంగు ఎందుకు మార్చమన్నారని. కిరాయి దుకాణంలో క్రీమ్ షేర్వానీ చెప్పి పెట్టుకున్నాడట. తీరా తెచ్చుకునే రోజుకు దాన్ని వేరే ఎవరికో ఇచ్చేసి, కొలతకు సరిపోయేది ఇదొక్కటే ఉందన్నారట. రిసెప్షన్‌కు వచ్చిన ఫ్యాక్టరీవాళ్ళు అప్పటినుంచీ క్యాంటీన్‌లో వంకాయ కూర వడ్డించినప్పుడల్లా తనవైపే చూస్తున్నారని చెప్పాడు. మరీ చిన్నబుచ్చుకున్నట్టు చెప్పేసరికి నవ్వలేకపోయాను. అన్న మాత్రం ఏదో సీడీ వెతుకుతున్నట్టు అటు తిరిగిపోయాడు.

‘ఇగ దీన్ని ఏం జెయ్యకుండ్రి. ఆమెను అడిగి చెప్త’ అని లేచాడు.

ఆదివారం బండి మీద ఇద్దరూ వచ్చారు. అమ్మాయి సన్నగా, చామనఛాయగా, గదిలోకి రావడంతోనే అన్నీ చూసేసే కళ్ళతో ఉంది. కూర్చోమంటే కూర్చోకుండా తెర ముందు నిలబడింది. ఫొటో చూడగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

‘ఫొటోల పడ్డదా గిది!’

‘చెప్పొద్దా మరి నాకు?’ అన్నాడు అతను.

ఆమె అతనికి కాదు, నాకు జవాబు చెప్పింది. ‘స్టేజీ ఎక్కంగనే సూసిన అక్కా. చెప్దామంటె ఏమని పిల్వాలె? ముందురోజు దాంక మొకం గూడ సక్కగ సూడకపోతి. పేరు పెట్టి పిలుస్తనా, ఓయ్ అంటనా? అత్తమ్మకు చెప్దామంటె, వచ్చిన దినమే తప్పులు పడుతుందంటది. అందుకే లోపలికి నూకిన. నూకుడు, ఈయన వంగుడు, అది మళ్ళ బయటికొచ్చుడు. వచ్చేటోళ్ళు వచ్చిరి, దండాలు ఆగకపాయె. ఎన్నిసార్లు నూకిన్నో!’

‘మూడుసార్లు’ అన్నాడు అతను, ఫొటోలు లెక్కపెట్టినవాడిలా.

‘మూడా? ఇరవైసార్లు గావచ్చు. నిజం జెప్పాల్నంటె అక్కా, స్టేజీ మీద నాకు మస్తు భయమైతుండె. ఆ చీటీ తోని పనివడ్డంక భయం యాది మరిచిన.’

ఆ మాటకు అతను ఆమెను కొత్తగా చూస్తున్నాడు. నేను మౌస్ పట్టుకుని, ఎటు కదపాలో తెలియక, ఫొటోను ఊరికే పెద్దదీ చిన్నదీ చేశాను.

అంతలో ఆమె పక్క ఫొటో చూసింది. అందులో అప్పటికే మెరూన్ అయిపోయింది.

‘గిదెవలిది?’

రంగు మార్చమన్నది తనే అని అతను ఒప్పుకున్నాడు. ఆమె రెండు ఫొటోలనూ మార్చి మార్చి చూసింది. వద్దంటుందేమో, రెండు రోజుల పని నీళ్ళలో పోసినట్టేనని నేను భయపడుతున్నాను.

‘మంచిగ జేసినవ్ అక్కా. ఆ వంకాయ రంగు నాకు గూడ నచ్చలే’ అంది.

‘అది గూడ చెప్పకపోతివి!’ అన్నాడతను.

‘మీరు అడిగిన్రా?’

చివరికి ఆమె తీర్పు ఇలా వచ్చింది. రంగు మారాలి. మిగతా ఫొటోల్లో చీటీ ఉండొద్దు. చెయ్యి ఉన్న ఆ ఒక్క ఫొటోలో మాత్రం చీటీ ఉండాలి, లేకపోతే తను కొట్టినట్టు ఉంటుంది. దుకాణం ముద్ర, నంబరు మటుకు తుడిచేయమని అతను బతిమాలాడు. తుడిచేశాను. ఉత్త తెల్ల చీటీ మిగిలింది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి అమ్మకు చెబితే, ఆమె బియ్యం ఏరుతూ నవ్వింది. ‘మీ నాన్నను ఏవండీ అనడానికి నాకు మూడు నెలలు పట్టింది. అప్పటిదాకా గాజులు చప్పుడు చేసేదాన్ని’ అంది. నాన్న పేపరు వెనకనుంచి, ‘గాజులు కాదు, గిన్నెలు’ అన్నాడు. ఈ సంగతి నాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

ఆల్బమ్ ప్రింటై వెళ్ళిన కొన్నాళ్ళకు ఆ పెళ్ళి ఫొటోగ్రాఫర్ ఇంకో పని మీద వచ్చాడు. లక్డారంలో కొత్త పంచాయితీ నడుస్తోందని చెప్పాడు. వీడియో సీడీలో షేర్వానీ వంకాయ రంగులోనే ఉంది కదా, దాని సంగతి మాలో ఎవరికీ తట్టలేదు. ఆల్బమ్‌లో మెరూన్, టీవీలో వంకాయ. చుట్టాలు రెండూ చూసి, రిసెప్షన్‌కు పిల్లవాడు ఒక్కపూటలో రెండు షేర్వానీలు మార్చాడని చెప్పుకుంటున్నారట.

‘మరి ఆయనేమంటున్నాడు?’ అని అడిగాను.

‘ఆయనేం అంటలేడు. ఆమెనే, అవును రెండు తెచ్చుకున్నడు, మస్తు షోకు అంటుంది.’