నవ్విన పది నిమిషాలు

నేను సైబర్ స్టేషన్‌లో ఫిర్యాదులు తీసుకునే రోజుల్లో, స్టీల్ ప్లాంట్‌లో రిటైరైన ఒకాయన ఫోన్ పట్టుకుని వచ్చాడు. ఒక సినిమా నటుడు పెట్టుబడి యాప్ గురించి చెబుతున్న ప్రకటన చూసి, కాసేపటి ముందే దాచుకున్న డబ్బంతా పంపేశాడు.

వీడియోలో మాటకీ పెదాలకీ పొంతన లేదు. స్టేషన్‌లో అందరినీ పిలిచి మళ్లీ మళ్లీ పెట్టించాను.

“ఏటి మావా, హీరో నీకు సుట్టమా?” అన్నాను.

“ముందు డబ్బులాపండి బాబూ. మా ఇంటిదానికి ఆపరేషనుంది.”

నవ్వులయ్యాకే, ఆయన డబ్బు పంపిన ఖాతా ఆపమని బ్యాంకుకు రాసి పంపాను. పది నిమిషాల ముందే డబ్బు అందులోంచి వెళ్లిపోయిందని జవాబొచ్చింది.

ఆ ఖాతా పద్మనాభం అనే ఊళ్లోని ఒక కూలీది. కమీషన్‌కి ఆశపడి పాస్‌బుక్కూ సిమ్మూ ఎవరికో ఇచ్చేశాడు. ఆ ఖాతాలోకీ, ప్రకటన పెట్టిన పేజీలోకీ లాగిన్ అయింది ఒకే ఇంటర్నెట్ కనెక్షన్ నుంచి. అది ద్వారకా నగర్‌లోని ఒక గదిది. ముగ్గురు దొరికారు, డబ్బు దొరకలేదు.

కబురు చెప్పినప్పుడు ఆయన, “మా ఇంటిది ఆపరేషన్ దాకా ఉండనేదు బాబూ. దొంగల్ని పట్టినారు, అదే సాలు,” అని నాకు దండం పెట్టాడు.

ఆ పది నిమిషాల సంగతి నేను చెప్పలేదు.