పదిహేను వేల మీటర్లు

చిలకలూరిపేటలో మా మామయ్యకు ఎనిమిది మరమగ్గాలు ఉండేవి. మా బట్ట కొని విదేశాలకు పంపే బొంబాయి ఏజెంటు ఆ ఏడు ఇక వద్దన్నాడు. నెలాఖరులోగా మరో ఆర్డరు రాకపోతే మగ్గాలు ఆగిపోతాయి. ఇంటర్నెట్ సెంటర్లు కొత్తగా వచ్చిన రోజులు. డిగ్రీ చదివాను కాబట్టి నాకు ఇంగ్లీషు వచ్చని ఇంట్లో ఒక అపోహ. జర్మనీలో దుప్పట్లు కుట్టించే కంపెనీ ఒకదానికి ఈమెయిల్ రాసే పని నా మీద పడింది.

మామయ్య నా కుర్చీ వెనక నిలబడి, "నెలకు లక్ష మీటర్లని కొట్టరా" అన్నాడు.

"రెండు షిఫ్టులు ఆడించినా పదిహేను వేలు దాటదు మామయ్యా. నిజంగా లక్ష అడిగితే?"

"ముందు అడగనీరా! పదిహేను వేలంటే నవ్విపోతారు."

ఆయన టీ చెప్పడానికి బయటికి వెళ్లగానే ఆరు వాక్యాలు రాశాను: మేమెవరం, ఏ నూలు, బట్ట పన్నా ఎంత వెడల్పు, నెలకు పదిహేను వేల మీటర్లు, నమూనా ఉచితం, ఎవరిని సంప్రదించాలి. ఆయన తిరిగి వచ్చేలోపే పంపేశాను. సంగతి తెలిసినా మామయ్య నన్ను తిట్టలేదు. అదే ఎక్కువ భయపెట్టింది. ఆర్డరు రాకపోతే ఎనిమిది మగ్గాలూ ఆపినవాణ్ణి నేనే అవుతాను.

తొమ్మిదో రోజు జవాబు వచ్చింది. మామయ్య కళ్లు మూసుకుని, "చదువు" అన్నాడు.

"మాకు నెలకు పన్నెండు వేల మీటర్లు చాలు. ముందు అయిదు మీటర్ల నమూనా పంపండి."

ఆ అయిదు మీటర్లు నేసినంతసేపు మామయ్య మగ్గం దగ్గర ఎవర్నీ తుమ్మనివ్వలేదు.