పావు తక్కువ పదమూడు లక్షలు

కర్నూలులో రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదుట దస్తావేజులు రాసే ఆయన రేకుల కొట్టులో, ఒకే ఒక్క వాక్యం కోసం నేను మూడు గంటలు కూర్చున్నాను. ఆ ఎండకు పెన్నులో సిరా టీలా మరిగింది. మేం కొంటున్నది పక్షి వాలితే నిండిపోయేంత ఇంటిస్థలం. అమ్ముతున్నది బద్వేలులో బట్టల కొట్టున్న పెద్దాయన. చెక్కు చేతికొస్తేనే సంతకం పెడతాడు, మూడున్నర బస్సుకు పోతాడు. నా చెక్కు పుస్తకంలో మిగిలినవి రెండే కాగితాలు.

"తెలుగులో రాయప్పా. ఎంతకు సంతకం పెడతాండానో నేనే చదువుకోవల్ల" అన్నాడాయన.

బేరం ఆయన ఉర్దూ మాటలో 'పౌనే తేరా లాఖ్' దగ్గర తెగింది. అంటే పదమూడు లక్షలకు పావు లక్ష తక్కువ. నేను అంకెల్లో 12,75,000 వేసి, అక్షరాల్లో "పావు తక్కువ పదమూడు లక్షల రూపాయలు మాత్రమే" అని ముత్యాల్లా రాశాను.

దస్తావేజుల ఆయన కళ్లజోడు ముక్కు చివరికి జార్చాడు.

"బ్యాంకోళ్లతో లెక్కలు చేయిస్తాండారా సార్? డెబ్బై ఐదు లక్షలను నోటితో ముప్పావు కోటి అంటాం. చెక్కు మీద అట్ల రాస్తామా? అంకెలు ఎట్లుంటే అట్లే, లక్షలు, వేలు, వందలు వరసగా రాయల్ల."

కొట్టేసి దిద్దుతానన్నాను. దిద్దితే వాపసు వస్తుందన్నాడు. ఒక కాగితం పోయింది.

రెండోదాని మీద గుండె చేత్తో పట్టుకుని రాశాను: "పన్నెండు లక్షల డెబ్బై ఐదు వేల రూపాయలు మాత్రమే." మధ్యలో ఎవరూ మాట చొప్పించకుండా అక్షరాలను జాతర బస్సులో జనంలా కుక్కాను.

పెద్దాయన చదివి చెక్కు బల్ల మీద పెట్టేశాడు.

"ఏమప్పా, పదమూడు యాడికి పాయ?"

"అదే మొత్తం అన్నా."

"నాకు తెలుసప్పా. పదమూడుకు పోతాండాదని ఇంటికాడ చెప్పి వచ్చినా. మా ఆమె మొదటి మాట చూసి ఆడనే ఆగుతాది. పన్నెండా అంటాది. ఇంగొక ఇరవై ఐదు వేలు ఎయ్యి, నీకూ రాసేది సులువు."

నేను ఇంకో కాగితం లేదని, ఇరవై ఐదు వేలు అసలే లేవని, నా రక్తపోటు కోటి దాటిందని మొత్తుకున్నాను. గడియారం మూడు కొట్టింది.

అప్పటిదాకా చీర చెంగుతో విసురుకుంటున్న మా ఆవిడ అడిగింది: "అన్నా, మీ బ్యాంకు ఈ వీధిలోనే ఉండాదంట కదా. చెక్కు ఈడనే వేసిపోతే వదిన యాడ చదువుతాది?"

పెద్దాయన ఆలోచించాడు. చెక్కు మడవకుండా జేబులో పెట్టి, ఎదుటి ఆఫీసులోకి పోయి సంతకం చేశాడు.

బయట ఫోనులో ఇంటికి చెప్పాడు: "పౌనే తేరా. పదమూడే అనుకో."

నా పక్కనే మా ఆవిడ వాళ్లమ్మకు చెబుతోంది: "పన్నెండు చిల్లరే అమ్మా. శానా తక్కువకు వచ్చింది."