ఉస్తాదా రాయించిన చివరి వాక్యం

మా ఉస్తాదా పోయిన సంగతి నాతో క్లాసులో చదివిన ఫిజీ తమ్ముడు ఫోన్లో చెప్పాడు. నేనప్పుడు పెరట్లో మిరప మొక్కలకి నీళ్ళు పెడుతున్నాను.

"అన్నా, ఉస్తాదా ఈజ్ గాన్. పొద్దున్నే. నిద్రలోనే."

పైపులోంచి నీళ్ళు ఒకే మొక్క మొదట్లో పడుతూనే ఉన్నాయి.

"అన్నా, ఉన్నావా?" అన్నాడు.

"ఉన్నాను" అన్నాను. ఆ మాట అన్నందుకు సిగ్గేసింది. ఎందుకో చివర చెప్తాను.

ఉస్తాదా అంటే అరబ్బీలో పంతులమ్మ. ఈ వయసులో నాకు పంతులమ్మ ఏమిటని మీరు అనుకోవచ్చు. మా ఊళ్ళో ఏడో తరగతితో నా చదువు ఆగిపోయింది. తర్వాత ఇరవై ఏళ్ళు కువైట్‌లో కారు నడిపాను. అరబ్బీ మాటలు నోటికి వచ్చాయి గాని అక్షరం ఒక్కటీ రాలేదు. రోడ్డు మీద బోర్డుల్ని రంగు చూసి, పక్కనున్న ఇంగ్లీషు అంకె చూసి పోల్చుకునేవాణ్ణి. నా భార్య పోయాక మా అమ్మాయి నన్ను తనతో అడిలైడ్ తెచ్చుకుంది. మాసన్ లేక్స్‌లో ఇల్లు. అమ్మాయి ఆసుపత్రిలో నర్సు. అది డ్యూటీకి వెళ్తే ఇంట్లో నేను, ఫ్రిజ్ చప్పుడు. శనివారం పొద్దున లైబ్రరీ పక్క గదిలో పెద్దవాళ్ళకి అరబ్బీ నేర్పుతారని కాగితం అంటించి ఉంటే చూసి, అదే నన్ను చేర్పించింది.

"నాన్నా, నేను యూనివర్సిటీకి వెళ్ళిన మొదటి రోజు కూడా ఇంత నెర్వస్ అవలేదు" అని కారులోనే నవ్వింది.

మా ఉస్తాదాది ఇరాక్‌లోని బస్రా. నాకంటే చిన్నదే, అరవై దాటి ఉంటాయి. పొట్టి మనిషి. బోర్డు పైవరుస అందక మునివేళ్ళ మీద నిలబడి రాసేది. మొదటి రోజు నన్ను పరిచయం చేసుకోమంటే నాకు వచ్చిన అరబ్బీలో నాలుగు ముక్కలు చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"అమ్మీ, ఇది కారు షెడ్డులో నేర్చిన అరబ్బీ. చాలా రోజులకి విన్నాను. పారేయకండి, పైన ఇంకో గది కడదాం" అంది. అమ్మీ అంటే వాళ్ళలో బాబాయి. మా మాటలు సగం ఇంగ్లీషు, సగం అరబ్బీ. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఫిజీ తమ్ముడు నా పక్కన కూర్చునేవాడు. పుట్టింది ఫిజీలో అయినా వాళ్ళ తాతముత్తాతలది మన విశాఖ వైపేనట. వాడి కొడుకు లెబనాన్ పిల్లని చేసుకున్నాడు. "నువ్వెందుకు చేరావు తమ్ముడూ?" అంటే, "వియ్యంకుడితో ఫైట్ చెయ్యాలన్నా. వాడు తిట్టేది నాకు తెలీటం లేదు, ఇట్స్ నాట్ ఫెయిర్" అన్నాడు.

అక్షరాలు నేర్పడంలో ఆవిడ తీరే వేరు. అరబ్బీలో ఆరు అక్షరాలు తమ కుడివైపు అక్షరంతో కలుస్తాయి, ఎడమవైపు దానితో కలవవు. "ఈ ఆరుగురూ ముందువాళ్ళ చెయ్యి పట్టుకుంటారు, వెనకవాళ్ళకి చెయ్యి ఇవ్వరు. మా బంధువుల్లోనూ ఉన్నారు" అనేది. ఇంకోటి, కుడి నుంచి ఎడమకి రాస్తాం కదా, కుడిచేతి వాటం వాళ్ళకి అరచెయ్యి రాసినదాని మీదుగానే జరుగుతుంది. సిరా అలుక్కుపోతుంది. నా కాగితాలన్నీ నల్లటి మరకలే. ఆవిడ వచ్చి నా మణికట్టు కింద తన చూపుడు వేలు పెట్టి కిందకి లాగేది. "చెయ్యి వరస కింద ఉండాలి అమ్మీ. రాసినదాన్ని తాకకూడదు." ఎన్ని శనివారాలు లాగిందో ఆవిడకే తెలియాలి.

నాకు మొదట చదవడం వచ్చింది ఉప్పు పొట్లం మీద మాట. అరబ్బుల కొట్లో నిలబడి మూడక్షరాలు కూడబలుక్కుని "మిల్హ్" అన్నాను. కొట్టువాడు అవునన్నాడు. ఆ శనివారం ఆవిడకి చెప్తే క్లాసు ఆపి అందరిచేతా చప్పట్లు కొట్టించింది. నేను తల ఎత్తలేకపోయాను.

ఏడాది చివర్లో కృతజ్ఞతా లేఖ రాయడం నేర్పింది. ఎవరికైనా రాయండి, చివరి క్లాసుకి తెండి అంది. బోర్డు మీద వాటంగా గీసి చూపించింది. పైన మధ్యలో దేవుడి పేరు. కింద కుడివైపు నుంచి సంబోధన. గురువైతే "ఉస్తాదతీ అల్-ఫాదిలా" అనాలి, గుణవంతురాలైన నా గురువుగారికి అని. తర్వాత "తహియ్య తయ్యిబా, వ బఅద్". మంచి నమస్కారం, ఆ తర్వాత. "ఈ 'ఆ తర్వాత' అన్నది గుమ్మం. ఇది దాటాకే మీ మాట మొదలుపెట్టండి. గుమ్మంలో నిలబడి కష్టాలు చెప్పకూడదు" అంది. లోపల, దేనికి థాంక్స్ అన్నది విప్పి రాయాలి. "దేనికో చెప్పని థాంక్స్ ఎవరికైనా పట్టే చొక్కా. అది ఎవరికీ సరిగ్గా పట్టదు." ఆ తర్వాత దుఆ, అంటే వాళ్ళ కోసం దేవుణ్ణి ఏదో ఒకటి అడగడం. "అతాలల్లాహు ఉమ్రకి" అని రాస్తారు, దేవుడు మీ ఆయుష్షు పెంచుగాక అని. అన్నిటికీ కింద గౌరవంతో అని, ఎడమ మూల సంతకం.

"ఏది మర్చిపోయినా దుఆ మర్చిపోకండి. దుఆ లేని ఉత్తరం పిలిచి టీ ఇవ్వకుండా పంపినట్టు" అంది.

నేను చేతులు కట్టుకుని అడిగాను, నేను చర్చికి వెళ్ళేవాణ్ణి, అల్లా అని రాయొచ్చా అని. "బస్రాలో మా పక్కింటి క్రైస్తవులు కూడా ఆ పేరుతోనే మొక్కేవాళ్ళు. మీరు రోజూ ఎవర్ని అడుగుతారో ఆయన్నే అడగండి" అంది.

మరుసటి వారం చిత్తు ప్రతులు చూసింది. మేమిద్దరం ఆవిడకే రాశాం. ఫిజీ తమ్ముడు ఫోన్లో వెతికి ఒక పాత సామెత పట్టుకున్నాడు, నాకొక్క అక్షరం నేర్పినవాడికి నేను బానిసనయ్యాను అని. అరబ్బు దేశాల్లో గురువులకి అందరూ రాసేదేనట. వాడు రాశాడని నేనూ రాశాను. ఆవిడ రెండు కాగితాల్లోనూ అది కొట్టేసింది.

"నాకు బానిసలొద్దు. హోంవర్క్ తెచ్చేవాళ్ళు చాలు."

"ఉస్తాదా, నా వియ్యంకుడే పంపాడు అది!" అన్నాడు వాడు.

"చూశారా, మాట్లాడుకుంటున్నారన్నమాట" అంది.

అందరం నవ్వాం. ఆ నవ్వు ఆగాక, పుస్తకాలు సర్దుకుంటూ, వచ్చే ఏడు వేరేవాళ్ళు వస్తారని చెప్పింది. జబ్బు చాలాకాలంగా ఉందట. ఇక మందులు ఆపేశారట. డాక్టర్లు తనతో ఏమీ దాచలేదంది. బస్సు టైము మారిందని చెప్పినంత మామూలుగా చెప్పింది. నేను కలం మూత పెట్టడానికి అవస్థ పడుతున్నాను.

ఆ వారమంతా భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాను. గుమ్మం దాటాను. దేనికి థాంక్సో రాశాను: ఇరవై ఏళ్ళు ఆ అక్షరాల కింద కారు నడిపాను, ఈ ఏడాది ఉప్పు చదివాను, మీరు చప్పట్లు కొట్టించారు. దుఆ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. ఆయుష్షు లేదని తన నోటితో చెప్పిన మనిషికి ఆయుష్షు పెరగాలని ఎలా రాయను? వెక్కిరించినట్టు ఉండదూ?

మా అమ్మాయి డ్యూటీ నుంచి వచ్చి చూసింది. "రాసెయ్యి నాన్నా, ఫార్మాలిటీయే కదా" అంది. సంచీ కింద పెట్టి, "మేం కూడా వార్డులో గెట్ వెల్ సూన్ అంటాం. ఎవరికి అంటున్నామో తెలిసి కూడా" అని లోపలికి వెళ్ళిపోయింది.

రాయలేకపోయాను. ఆ వరుస వదిలేసి, కింద గౌరవంతో అని సంతకం పెట్టాను.

చివరి శనివారం ఆవిడ కుర్చీలోంచి లేవలేదు. ఒక్కొక్కరం దగ్గరికెళ్ళి ఉత్తరం ఇచ్చాం. నాది తీసుకుని వేలు పెట్టి చదివింది. ఉప్పు దగ్గర నవ్వింది. చివరికి వచ్చి ఆగింది. కాగితం తిప్పి వెనక చూసింది. మళ్ళీ తిప్పింది.

"దుఆ ఏది అమ్మీ?"

నేను ఆ ఖాళీ వరుస వైపు చూశాను.

"మర్చిపోయారా?"

"లేదు ఉస్తాదా. అబద్ధం రాయలేకపోయాను."

ఆవిడ నా వంక చూసింది. కోపం లేదు. తప్పు అక్షరం దగ్గర ఆగినప్పుడు ఎలా చూసేదో అలాగే చూసింది.

"అది వార్త కాదు అమ్మీ, నిజమో అబద్ధమో అవడానికి. అది అడగడం. ఇవ్వడం ఆయనిష్టం. మీరు అడగను కూడా అడగరా నా కోసం?"

అక్కడే, ఆవిడ బల్ల మీదే వంగి, ఖాళీ ఉన్న వరుసలో రాశాను. అతాలల్లాహు ఉమ్రకి. అక్షరాలు మెట్లు దిగుతున్నట్టు పడ్డాయి. ఆవిడ వేలు నా మణికట్టు కిందకి రాలేదు. నేనే గుర్తు పెట్టుకుని చెయ్యి కిందకి దించుకున్నాను.

"ఆఁ. ఇప్పుడు ఉత్తరమైంది" అంది.

నా చేతిలో కలం తీసుకుంది. మన కోసం ఎవరైనా దుఆ చేస్తే జవాబివ్వకుండా ఉండకూడదట వాళ్ళలో. నా వాక్యం కింద మెల్లగా రాసింది. "వ లక బిల్-మిస్ల్." మీకూ అంతే. కాగితం తిరిగి నాకే ఇచ్చింది. "ఇది మీ దగ్గర ఉండాలి. నా ఇంట్లో ఇక ఎవరు సర్దుతారు" అంది. వద్దనలేకపోయాను.

ఖననానికి నేనూ ఫిజీ తమ్ముడూ వెళ్ళాం. వెనక వరసలో నిలబడ్డాం. ఆవిడ తమ్ముడు అందరి చేతులూ పట్టుకుంటూ మా దగ్గరికి వచ్చాడు. అలాంటప్పుడు ఏమనాలో ఆవిడే నేర్పింది. వచ్చు. నోట్లోంచి రాలేదు. ఫిజీ తమ్ముడే ఇద్దరి తరఫునా అన్నాడు, తప్పు లేకుండా.

మొన్న డాక్టరు నా రిపోర్టులు చూసి, ఈ వయసుకి చాలా బాగున్నారు అంకుల్ అంది. మా అమ్మాయి సంతోషపడింది. నేను తల ఊపాను. నేను ఆవిడ కోసం అడిగింది అందలేదు. ఆవిడ నా కోసం తిరిగి రాసింది మాత్రం రోజూ పొద్దున్నే అందుతోంది. ఆ రోజు ఫోన్లో "ఉన్నాను" అన్నందుకు సిగ్గేసింది ఇందుకే. దాన్ని ఏం చేసుకోవాలో నాకు తెలియదు. ఎవరికి తిరిగి ఇవ్వాలో తెలియదు.

ఆ కాగితం నా బల్ల మీద ఉంది. నేను రాసిన వరసలు వంకరగా ఉన్నా శుభ్రంగానే ఉన్నాయి. ఆవిడ రాసిన ఆ ఒక్క వరుస మీదే మరక ఉంది. ఏడాదంతా నా చెయ్యి కిందకి లాగిన మనిషికి ఆ రోజు తన చెయ్యి వరస కింద నిలుపుకునే బలం లేక, సిరా ఆరకముందే అరచెయ్యి దాని మీదుగా జరిగింది. కుడి నుంచి ఎడమకి, కాగితం అంచు దాకా, పల్చబడుతూ.