పోగులు, గుడ్డ

మా పెడన సాలెవీధిలో ఎవరింట మనిషి పోయినా, పెద్దకర్మ ముందు సాయంత్రం పద్యం చదువుతారు. చదివేది బుచ్చిలింగం మామ, అర్థం చెప్పేది శరభలింగం పెదనాన్న. పుస్తకం తెరిచాక తాత్పర్యం చెప్పకుండా మూయకూడదు. సగంలో మూస్తే పోయినవాళ్లకు దారి సగంలోనే ఆగుతుందని మా వాళ్ల నమ్మకం.

బడి మానేసిన దగ్గర్నుంచి నేను పెదనాన్న ఇంట్లోనే నూలు కండెలు చుడుతున్నాను. మగ్గం మీద కూర్చుని కూడా ఆయన పద్యాలు విప్పుతూనే ఉండేవాడు. ముందు సంధులు విడదీస్తాడు. తర్వాత మాటలను మనం మాట్లాడుకునే వరుసలో పెడతాడు. ఒక్కో మాటకూ అర్థం చెప్తాడు. సారం మాత్రం వెంటనే చెప్పడు. కర్మ ఇళ్లలోనైతే, ఆడవాళ్ల వరుసలో కూర్చున్న తన భార్య, మా చౌడమ్మ పెద్దమ్మ వైపు చూసేవాడు.

"పోగులన్నీ అతికావుగా, ఇక గుడ్డ చూపించవయ్యా! పొయ్యి మీద పులుసు మాడుతోంది," అనేదామె. అందరూ నవ్వేవారు. అప్పుడే తాత్పర్యం.

ఈమధ్య పోయింది ఆ పెద్దమ్మే. మర్నాడు ఆమె పెద్దకర్మ అనగా అందరం పెదనాన్న ఇంట్లో కూర్చున్నాం.

"బావా, ఈసారికి అర్థం కూడా నేనే చెప్తాలే," అన్నాడు మామ.

"నీ అర్థం వింటే అది లేచొచ్చి తిడుతుంది. చదువు," అన్నాడు పెదనాన్న.

మామ చదివాడు:

తరణి క్రుంకెఁ గాని దాని వెచ్చదనము
శిలను వీడదయ్యెఁ జీకటైన
సుజనుఁ డరుగుఁ గాని చూపినట్టి కరుణ
మనసు వీడి చనదు మాసిపోదు

పెదనాన్న గొంతు సవరించుకున్నాడు. "తరణి, సూర్యుడు. క్రుంకెన్ కాని, అస్తమించాడు గానీ. చీకటి ఐనన్, చీకటి పడినా. దాని వెచ్చదనము, ఆ సూర్యుడి వేడి. శిలను, రాతిని. వీడదు అయ్యెన్, వదల్లేదు. సుజనుఁడు, మంచి మనిషి. అరుగున్ కాని, వెళ్లిపోతాడు గానీ. చూపినట్టి కరుణ, చూపించిన దయ. మనసు వీడి, మనసును విడిచి. చనదు, పోదు. మాసిపోదు, చెరిగిపోదు."

అలవాటుగా ఆడవాళ్ల వైపు తిరిగాడు. పెద్దమ్మ కూర్చునే చోటు ఖాళీగా ఉంది.  తాత్పర్యం చెప్పకుండా చేతిలోని కండువా నలుపుతూ ఉండిపోయాడు. దీపంలో నూనె తగ్గుతోంది. మామ పుస్తకం అంచు పట్టుకుని తలొంచుకున్నాడు. దాన్ని మూయలేడు.

ఆడవాళ్ల వరుస చివర కూర్చున్నాను. నలుగురిలో ఎప్పుడూ నోరు విప్పినదాన్ని కాదు. పెద్దమ్మ అనే ఆ మాట ఎవరైనా అంటారేమోనని చూశాను. ఎవరూ అనలేదు.

"పోగులన్నీ అతికావుగా, పెదనాన్నా," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్లీ అన్నాను. "ఇక గుడ్డ చూపించు."

ఆయన కండువా భుజాన వేసుకుని నా వైపు తిరిగాడు.

"పొద్దు గూకినా బండరాయి రాత్రిదాకా వెచ్చగానే ఉంటుంది. ఎండ కాసినంతసేపూ తాగింది కదా. మనమూ ఆ రాయిలాంటివాళ్లమే. మనిషి వెళ్లిపోతుంది. కాచిన వేడి మాత్రం మనలో ఉంటుంది. చీకట్లో చెయ్యి పెట్టి చూసుకుంటే తెలుస్తుంది."

మామ పుస్తకం మూశాడు.

"పులుసు చూడమ్మా," అన్నాడు పెదనాన్న నాతో.

పొయ్యి మీద ఏమీ లేదు. అయినా లేచి లోపలికి వెళ్లాను.